ధర తగ్గినా నిలిచే సంఘం: యాసంగి వేరుశనగకు రైతు ఉత్పత్తిదారుల సంఘం సీజను బడ్జెట్

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు సీజను ఆరంభంలో తయారుచేసే బడ్జెట్లలో విత్తనం, కూలీ, నీటి తడులు, దిగుబడి, ఆదాయం అన్న పద్దులు సాధారణంగా కనిపిస్తాయి. చివరి వరుసలో 'ధర హెచ్చుతగ్గులకు 5 శాతం' అని ఒక అంకె చేర్చి లెక్క ముగిస్తారు. ఆ 5 శాతం దేనిపైనో, ధర పడినప్పుడు ఆ సొమ్ము ఎవరి జేబులోంచి వస్తుందో బడ్జెట్ చెప్పదు. విడివిడిగా అమ్ముకునే వంద మంది రైతుల మధ్య పంచబడి ఉండే ధర నష్టభయం, సంఘం వారి పంటను కొని నిల్వచేసిన క్షణం నుంచి ఒకే చోటికి చేరుతుంది. అలా చేరే చోట ఉన్న మూలధనం చాలా పలుచన. అందువల్ల ధర హెచ్చుతగ్గుల కేటాయింపును ఖర్చుల జాబితాలో చివరి పద్దుగా కాక, సంఘం ఎన్ని క్వింటాళ్లు సొంతంగా కొనవచ్చునో నిర్ణయించే కొలతగా చూడాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇందుకు పాలమూరు ప్రాంతంలో, ముఖ్యంగా వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో బోరుబావుల కింద సాగయ్యే యాసంగి వేరుశనగను ఉదాహరణగా తీసుకున్నాము. సంఘంలో 300 మంది సభ్యులు ఉన్నారనీ, వారిలో 100 మంది 200 ఎకరాల్లో వేరుశనగ వేస్తున్నారనీ అనుకుందాం. ఇందులోని ఖర్చులు, మార్కెట్ ధరలు లెక్క విధానాన్ని చూపేందుకు తీసుకున్న నమూనా అంకెలు. ప్రతి సంఘం వాటి స్థానంలో తన గ్రామపు అంకెలను వేసుకోవాలి.

విత్తనం: మొదటి ఖర్చు, మొదటి అప్పు

వేరుశనగలో విత్తన మోతాదును లెక్కగట్టి రాసుకోవడం మంచిది. వరుసల మధ్య 22.5 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. దూరం పాటిస్తే ఎకరాకు సుమారు 1,80,000 మొక్కలు ఉండాలి. నూరు గింజల బరువు 40 గ్రాములైతే అందుకు 72 కిలోల గింజలు చాలు. కానీ మొలకశాతం 90 ఉంటే 80 కిలోలు, 80 మాత్రమే ఉంటే 90 కిలోలు అవసరమవుతాయి. అంటే సంఘం కొనుగోలుకు ముందే మొలక పరీక్ష చేయించకపోతే ఎకరాకు 10 కిలోల తేడా వస్తుంది. కిలో 120 రూపాయల చొప్పున 200 ఎకరాలకు ఆ తేడా 2.4 లక్షల రూపాయలు.

మన ఉదాహరణలో ఎకరాకు 80 కిలోలు, మొత్తం 16,000 కిలోల గింజలు కావాలి. సంఘానికి కిలో 117 రూపాయలకు పడితే, 3 రూపాయల సేవారుసుము కలిపి సభ్యులకు 120కి ఇస్తుంది. సెప్టెంబరులో సంఘం చెల్లించవలసింది 18.72 లక్షల రూపాయలు. సభ్యుల నుంచి ముందస్తు నమోదు సమయంలోనే 60 శాతం, అంటే 11.52 లక్షలు వసూలు చేస్తే, సంఘం తన నిధి నుంచి 7.20 లక్షలు సర్దుబాటు చేయాలి. మిగతా 40 శాతం విత్తనం అందించే రోజున తిరిగి రావాలి. ఈ సొమ్ము అక్టోబరులో వచ్చిందా, లేక 'పంట వచ్చాక ఇస్తాము' అన్న మాటతో ఆగిపోయిందా అన్నది ఫిబ్రవరిలో సంఘం నిలుస్తుందా లేదా అన్న ప్రశ్నతో నేరుగా ముడిపడి ఉంది. ఆ సంగతి తరువాత చూద్దాం.

నీటి తడులు: రూపాయల కంటే ముందు గంటలు

తెలంగాణలో వ్యవసాయానికి విద్యుత్తు ఉచితం కాబట్టి నీటి ఖర్చు కింద చాలా బడ్జెట్లు నామమాత్రపు అంకె రాస్తాయి. మోటారు మరమ్మతు, తుంపర పైపుల అరుగుదల కలిపి ఎకరాకు 3,000 రూపాయలు వేసుకున్నా, నీటి పద్దులో అసలు కొలవవలసింది మోటారు నడిచే గంటలు.

ఒక తడికి 40 మి.మీ. నీరు ఇవ్వాలంటే ఎకరాకు సుమారు 1,62,000 లీటర్లు కావాలి. సెకనుకు 2 లీటర్లు పోసే బోరు గంటకు 7,200 లీటర్లు ఇస్తుంది. అంటే ఒక ఎకరా తడికి ఇరవై రెండున్నర గంటలు. బోరు రోజుకు 9 గంటలు నిలకడగా పోస్తే పది రోజుల తడి వ్యవధిలో 90 గంటలు దొరుకుతాయి. అవి నాలుగు ఎకరాలకు సరిపోతాయి. అదే బోరు ఫిబ్రవరిలో సెకనుకు 1.2 లీటర్లకు పడిపోతే ఎకరా తడికి ముప్పై ఏడున్నర గంటలు పడుతుంది. అప్పుడు అది తడపగలిగేది 2.4 ఎకరాలే. ఊడలు దిగే దశలోను, కాయ ఊరే దశలోను నీటి ఎద్దడి వస్తే దిగుబడి కోలుకోదు. కనుక అక్టోబరులో నీరు పుష్కలంగా ఉన్నప్పుడు నాలుగు ఎకరాలు విత్తిన సభ్యుడికి బడ్జెట్‌లో ఎకరాకు 10 క్వింటాళ్లు రాయడం పొరపాటు.

సంఘం విత్తన నమోదు పత్రంలోనే బోరు ఫిబ్రవరి నీటి పరిమాణాన్ని రాయించుకోవాలి. నిరుటి ఫిబ్రవరిలో ఒక 200 లీటర్ల డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో సభ్యుడికి గుర్తుంటే అదే చాలు. వంద సెకన్లు పడితే సెకనుకు 2 లీటర్లు. ఈ లెక్క ప్రకారం మన ఉదాహరణలో 150 ఎకరాలకు 10 క్వింటాళ్ల చొప్పున, నీటి భరోసా లేని 50 ఎకరాలకు 8 క్వింటాళ్ల చొప్పున అంచనా వేశాము. మొత్తం 1,900 క్వింటాళ్లు. ఇందులో ఇంటి వాడకానికి, విత్తనానికి 200 క్వింటాళ్లు ఆగుతాయి. వ్యాపారుల దగ్గర ముందే అప్పు తీసుకున్న సభ్యులు దాదాపు 500 క్వింటాళ్లు వారికే ఇవ్వవలసి ఉంటుందనుకుంటే, సంఘానికి చేరేది 1,200 క్వింటాళ్లు. పండే పంటకూ సంఘానికి చేరే పంటకూ మధ్య ఉన్న ఈ తేడాను బడ్జెట్‌లో విడిగా చూపాలి.

కూలీ: ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు

ఎకరాకు కలుపు తీతకు 8, చెట్లు పీకి కుప్ప వేయడానికి 8, నూర్పిడి, ఆరబెట్టడం, సంచులకు ఎత్తడానికి 6, మొత్తం 22 పనిదినాలు పడతాయని తీసుకున్నాము. ఇందులో 16 కూలీకి, 6 కుటుంబ శ్రమకు. తడులు పెట్టే పని మరో 5 కుటుంబ పనిదినాలు.

వేరుశనగలో కూలీ సమస్య కోత సమయంలోనే ముదురుతుంది. 200 ఎకరాల్లో చెట్లు పీకడానికి 1,600 పనిదినాలు కావాలి. చుట్టుపక్కల గ్రామాల నుంచి రోజుకు 60 మంది దొరికితే 27 రోజులు పడుతుంది. సభ్యులందరూ ఒకే వారంలో విత్తితే చివరి చేను తన వంతు కోసం మూడు వారాలకు పైగా వేచి ఉండాలి. ఆ లోపు నేల గట్టిపడి, పీకినప్పుడు ఊడలు తెగి కాయలు భూమిలోనే మిగిలిపోతాయి. అప్పుడు పీకడానికి ముందు ఒక పలుచని తడి తప్పనిసరి అవుతుంది. పైగా గుత్తి రకాల గింజకు నిద్రావస్థ లేదు కాబట్టి, ముదిరిన తరువాత నేల తడిసి ఉంటే కాయ భూమిలోనే మొలకెత్తే ప్రమాదం ఉంది. కనుక తడి ఇచ్చిన వెంటనే కూలీలు దొరకాలి. ఈ చిక్కుకు పరిష్కారం విత్తే సమయంలోనే ఉంది. విత్తన పంపిణీని అక్టోబరు మొదటి వారం నుంచి నాలుగు విడతలుగా చేస్తే కోత కూడా దాదాపు నాలుగు వారాలకు సర్దుకుంటుంది. విత్తన పంపిణీ పట్టికే నిజానికి కోత కూలీల పట్టిక.

సభ్యుని లెక్క

పై వివరాల ఆధారంగా ఒక ఎకరా ఖర్చు ఇలా ఉంటుంది.

| పద్దు | రూపాయలు |
|---|---|
| విత్తనం, విత్తనశుద్ధి | 10,000 |
| దుక్కి, విత్తడం | 5,500 |
| ఎరువులు, జిప్సం | 5,000 |
| సస్యరక్షణ, కలుపు మందు | 3,000 |
| కూలీ (16 పనిదినాలు, రోజుకు 500) | 8,000 |
| నూర్పిడి యంత్రం అద్దె | 2,500 |
| నీటి తడులు | 3,000 |
| పంట రుణంపై వడ్డీ | 1,000 |
| మొత్తం నగదు ఖర్చు | 38,000 |
| కుటుంబ శ్రమ (11 పనిదినాలు) | 5,500 |
| కుటుంబ శ్రమతో కలిపి | 43,500 |
| కౌలు (కౌలుదారులకు మాత్రమే) | 12,000 |
| కౌలుతో కలిపి | 55,500 |

ఈ పట్టికలో చివరి మూడు వరుసలను విడిగా ఉంచడానికి కారణం ఉంది. పది క్వింటాళ్ల దిగుబడికి క్వింటాలు ఖర్చు సొంత భూమి రైతుకు 4,350 రూపాయలు, కౌలు రైతుకు 5,550 రూపాయలు. దిగుబడి 8 క్వింటాళ్లకు తగ్గితే కౌలు రైతు ఖర్చు దాదాపు 6,940కి చేరుతుంది. ఒకే సంఘంలో, ఒకే పంటకు, ధర పతనాన్ని తట్టుకునే శక్తి ఇంతగా మారుతుంది. సగటు ఖర్చు చూపే బడ్జెట్ కౌలు రైతును కనబడకుండా చేస్తుంది.

ధరలను ఎలా ఎంచుకోవాలి

ఫిబ్రవరిలో కోత సమయానికి మార్కెట్ యార్డులో క్వింటాలు ధర 6,800 రూపాయలు అనుకుందాం. సంఘం మూడు నెలలు నిల్వచేసి మేలో అమ్మాలని భావిస్తోంది. మే నెలలో ధర ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. కానీ ఎంత దాకా పడవచ్చునో గత అనుభవం నుంచి అంచనా వేయవచ్చు. ఇందుకు ఆగ్‌మార్క్‌నెట్‌లో స్థానిక మార్కెట్ ధరలను పదేళ్లకు సేకరించి, ప్రతి ఏడాదీ మే ధరను ఫిబ్రవరి ధరతో భాగించాలి. పదేళ్ల ధరల సగటు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే సంఘం భరించేది నిల్వ ఉంచిన మూడు నెలల్లో వచ్చే మార్పునే. ఆ పది నిష్పత్తులలో అతి తక్కువదాన్ని బడ్జెట్‌కు తీసుకోవాలి. మన ఉదాహరణలో అది 0.88 అనుకుంటే, చెడ్డ ధర దాదాపు 6,000. మంచి ధరను 7,600గా తీసుకున్నాము.

గతం చూపలేని ప్రమాదం ఒకటి ఉంది. వేరుశనగ ధర వంటనూనెల దిగుమతి విధానానికి లోబడి ఉంటుంది. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై కేంద్రం 2024 సెప్టెంబరులో 20 శాతం మూల కస్టమ్స్ సుంకం విధించింది. 2025 మే నెలాఖరులో దానిని 10 శాతానికి తగ్గించింది. రెండో నిర్ణయం సరిగ్గా యాసంగి నిల్వలు అమ్మకానికి వచ్చే కాలంలో వచ్చింది. ఇలాంటి నిర్ణయం పదేళ్ల ధరల పట్టికలో ముందుగా కనిపించదు. అందుకే చెడ్డ ధర కంటే కాస్త దిగువన కూడా సంఘం నిలవగలదో లేదో ఒకసారి సరిచూసుకోవాలి.

కనీస మద్దతు ధరను బడ్జెట్‌లో ఆదాయ ధరగా రాయడం మరో సాధారణ లోపం. 2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. కానీ ఆ ధర దక్కేది కొనుగోలు కేంద్రం తెరిచినప్పుడు, నాణ్యతా ప్రమాణాలకు సరిపోయిన కాయకు మాత్రమే. కేంద్రం తెరిస్తే లెక్క మెరుగుపడుతుంది. తెరవకముందే ఆ అంకెను నమ్మి సంఘం సరుకు కొనరాదు.

సంఘం ఎన్ని క్వింటాళ్లు కొనవచ్చు

ఇప్పుడు సంఘం లెక్క. ఒక్కొక్కరు 2,000 రూపాయల చొప్పున 300 మంది వాటాధనం 6 లక్షలు. పదివేల ఎఫ్‌పీఓల ఏర్పాటుకు 2020లో ప్రారంభమైన కేంద్ర పథకం కింద సభ్యునికి 2,000 రూపాయలకు మించకుండా సమాన వాటా గ్రాంటు లభిస్తుంది. అది మరో 6 లక్షలు. మొత్తం 12 లక్షల్లో తూకం యంత్రం, నూర్పిడి యంత్రం, గోదాము డిపాజిట్లలో 4 లక్షలు ఇమిడిపోతే, చేతిలో ఆడే నిధి 8 లక్షలు. ఈ సీజనులో ధర పతనం వల్ల 3 లక్షల వరకు నష్టపోయినా సంఘం వచ్చే సీజనుకు నిలవగలదని సర్వసభ్య సమావేశం తీర్మానించిందనుకుందాం. ఇదే నష్ట పరిమితి.

సంఘం గ్రామంలోనే క్వింటాలు 6,600 రూపాయలకు కొంటుంది. గోనెసంచులు, హమాలీ, రవాణాకు 160, మూడు నెలల గోదాము అద్దెకు 45, తరుగుకు 100, 11 శాతం వడ్డీ కింద 180 కలిపితే మే నాటికి ఆ క్వింటాలు సంఘానికి 7,085 రూపాయలు పడుతుంది. మేలో ధర 7,600 ఉంటే 515 రూపాయల లాభం. ధర ఫిబ్రవరిలో ఉన్నట్లే 6,800 వద్ద నిలిచిపోతే 285 రూపాయల నష్టం. ధర కదలకపోయినా నిల్వ నష్టమేనన్న సంగతి ఇక్కడ గమనించాలి. ధర 6,000కు పడితే క్వింటాలుకు 1,085 రూపాయల నష్టం.

నష్ట పరిమితి 3 లక్షలను 1,085తో భాగిస్తే 276 వస్తుంది. అంటే సంఘం సొంతంగా కొనదగింది 275 క్వింటాళ్లు మాత్రమే. సభ్యులు తెచ్చేది 1,200 క్వింటాళ్లు. ఉత్సాహంతో అంతా కొంటే, ధర పెరిగినప్పుడు 6.18 లక్షల లాభం, ధర పడినప్పుడు 13.02 లక్షల నష్టం. ఆ నష్టం సంఘం మొత్తం మూలధనం 12 లక్షలను మించిపోతుంది. ఒక్క సీజనులో సంఘం మూతపడటానికి దొంగతనమో, అసమర్థతో అవసరం లేదు. ఈ అంకెలు చాలు.

మిగతా 925 క్వింటాళ్లను రెండు మార్గాల్లో అమ్మవచ్చు. మొదటిది తక్షణ విక్రయం. సంఘం సరుకును లారీల లెక్కన కలిపి యార్డులో 6,800కు అమ్మి, ఖర్చులు 160, సేవారుసుము 60 పోగా 6,580 రూపాయలు సభ్యుడికి ఇస్తుంది. రెండవది ఉమ్మడి నిల్వ. సరుకు సభ్యుడిదే. సంఘం అతనికి కొంత అడ్వాన్సు ఇచ్చి, మేలో అమ్మిన తరువాత ఖర్చులు పోను మిగిలింది చెల్లిస్తుంది. ఇక్కడ ధర భయం సభ్యుడి వద్దే ఉంటుంది. ఖర్చులు, అడ్వాన్సుపై వడ్డీ, సేవారుసుము కలిపి 485 రూపాయలు అనుకుంటే, ఉమ్మడి నిల్వలో సభ్యుడికి చివరికి దక్కేది ఇలా ఉంటుంది.

| మే ధర | ఉమ్మడి నిల్వలో సభ్యుడికి | తక్షణ విక్రయంతో తేడా |
|---|---|---|
| 7,600 | 7,115 | 535 ఎక్కువ |
| 6,800 | 6,315 | 265 తక్కువ |
| 6,000 | 5,515 | 1,065 తక్కువ |

ధర 7,065 దాటితేనే వేచి ఉన్నందుకు ప్రయోజనం. చెడ్డ ధరలో దక్కే 5,515 రూపాయలు సొంత భూమి రైతు ఖర్చు కంటే ఎక్కువే. పది క్వింటాళ్లు పండించిన కౌలు రైతుకు మాత్రం అది ఖర్చు కంటే 35 రూపాయలు తక్కువ. ఎనిమిది క్వింటాళ్లే పండిన కౌలు రైతుకు ఎకరాకు 11,380 రూపాయల నష్టం. కనుక ఉమ్మడి నిల్వలో చేరడాన్ని సంఘం తీర్మానంతో అందరికీ వర్తింపజేయకూడదు. పై పట్టికను ఎదుట పెట్టి, ఒక్కొక్క సభ్యుని నుంచి విడిగా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. సరుకు తాకట్టు పెట్టడానికి కూడా ఆ అంగీకారమే ఆధారం.

అడ్వాన్సు ఎంత ఇవ్వాలి

సొంత కొనుగోలు 275, ఉమ్మడి నిల్వ 525, తక్షణ విక్రయం 400 క్వింటాళ్లుగా విభజించామనుకుందాం. గోదాములో ఉండేది 800 క్వింటాళ్లు. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ ప్రాధికార సంస్థ వద్ద నమోదైన గోదాములో ఉంచితే ఎలక్ట్రానిక్ రసీదుపై బ్యాంకు రుణం తీసుకోవచ్చు. సరుకు విలువలో 70 శాతం రుణం అనుకుంటే 38.08 లక్షలు వస్తాయి.

సంఘం సొంత కొనుగోలుకు 18.15 లక్షలు, సంచులు, హమాలీకి 64 వేలు కావాలి. ఉమ్మడి నిల్వ సభ్యులకు 6,600పై 70 శాతం, అంటే క్వింటాలుకు 4,620 అడ్వాన్సు ఇస్తే మరో 24.26 లక్షలు. మొత్తం 43.05 లక్షలు. రుణం పోగా సంఘం తన నిధి నుంచి పెట్టేది 4.97 లక్షలు. చేతిలో మిగిలేది 3.03 లక్షలు. నష్ట పరిమితికి సరిపోతుందని అనిపిస్తుంది.

ధర 6,000కు పడినప్పుడు ఏమవుతుందో చూడాలి. సరుకు విలువ 48 లక్షలకు తగ్గుతుంది. దానిపై బ్యాంకు అనుమతించే రుణం 33.6 లక్షలే. తేడా 4.48 లక్షలు వెంటనే కట్టమని బ్యాంకు కోరుతుంది. చేతిలో ఉన్నది 3.03 లక్షలు. కాగితంపై నష్టం పరిమితిలోనే ఉన్నా, రొక్కం 1.45 లక్షలు చాలదు. అప్పుడు సంఘం అతి తక్కువ ధరలో తొందరపడి అమ్మవలసి వస్తుంది. నష్టాన్ని తట్టుకోవడం వేరు, ఆ రోజు చెల్లింపును తట్టుకోవడం వేరు. బడ్జెట్ రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి.

అడ్వాన్సును 65 శాతానికి, అంటే 4,290 రూపాయలకు తగ్గిస్తే లెక్క మారుతుంది. మొత్తం అవసరం 41.31 లక్షలు, సొంత నిధి నుంచి 3.23 లక్షలు, చేతిలో మిగిలేది 4.77 లక్షలు. బ్యాంకు కోరే 4.48 లక్షలు కట్టి కూడా 29 వేలు మిగులుతాయి. సభ్యుడికి ఫిబ్రవరిలో 330 రూపాయలు తక్కువ అందినా, అది మేలో తిరిగి వచ్చే సొమ్మే. పైగా ధర 4,775 దాకా పడినా అడ్వాన్సు వల్ల సంఘానికి నష్టం రాదు.

ఇక్కడే విత్తనం బాకీ ప్రసక్తి మళ్లీ వస్తుంది. పై లెక్కలో మిగులు 29 వేలు మాత్రమే. అక్టోబరులో రావలసిన విత్తన సొమ్ములో అంతకు మించి సభ్యుల వద్ద ఆగిపోతే ఫిబ్రవరి ప్రణాళిక నిలవదు. అలాంటప్పుడు ఆగిన బాకీకి తగినట్లు సొంత కొనుగోలును, ఉమ్మడి నిల్వను తగ్గించుకోవాలి. జనవరి చివరి వారంలో చేతిలోని రొక్కాన్ని లెక్కించి ఈ సవరణ చేయడం సంఘం కార్యనిర్వహణాధికారి విధి.

తేమ: ధర కదలకుండానే వచ్చే నష్టం

నష్ట పరిమితిని ధర మాత్రమే తినదు. మద్దతు ధర కొనుగోలుకు, సురక్షిత నిల్వకు కాయలో తేమ 8 శాతం ఉండాలి. 12 శాతం తేమతో కొన్న 100 కిలోలు 8 శాతానికి ఆరేసరికి 95.65 కిలోలవుతాయి. క్వింటాలుకు 6,600 ధరలో ఇది 287 రూపాయలు. తేమ కొలిచే పరికరం లేకుండా 275 క్వింటాళ్లు అలా కొంటే దాదాపు 79 వేల రూపాయలు, అంటే నష్ట పరిమితిలో నాలుగో వంతుకు పైగా, కొన్న రోజే ఖర్చైపోతుంది. తేమ ఎక్కువగా ఉన్న కాయ నిల్వలో బూజుపట్టి అఫ్లాటాక్సిన్ సమస్య తెచ్చే ప్రమాదం దీనికి అదనం. గుప్పెడు కాయలు ఊపితే గింజ గలగలలాడటం ఒక సూచనే గాని కొలత కాదు. ప్రతి సంచి రాశిలో తేమను కొలిచి, 8 శాతానికి మించిన ప్రతి ఒక్క శాతానికి ధరలో సుమారు 1.1 శాతం తగ్గించే పట్టికను కొనుగోలు కేంద్రం గోడపై ముందే అంటించాలి. అప్పుడు తగ్గింపు గుమస్తా ఇష్టంగా గాక నియమంగా కనిపిస్తుంది.

నిల్వకాలంలో గమనింపు

నిల్వ చేసిన తరువాత ప్రతి వారం యార్డు ధరను ఒకే నాణ్యతకు చూసి నమోదు చేయాలి. మార్కెట్‌లో చెప్పే గరిష్ఠ ధరను కాక, ఎక్కువ సరుకు అమ్ముడైన ధరను తీసుకోవాలి. ధర 6,400కు దిగితే సొంత సరుకులో సగం అమ్మివేయాలన్న నిబంధనను ఫిబ్రవరిలోనే పాలకమండలి చేత తీర్మానం చేయించడం మేలు. ధర పడుతున్న రోజుల్లో కూర్చుని తీసుకునే నిర్ణయం చాలా వరకు 'ఇంకో వారం చూద్దాం' అన్నదే అవుతుంది.

సంఘాన్ని ఎక్కువ నిల్వ వైపు నెట్టే ఒత్తిడి ఎక్కడ నుంచి వస్తుందో కూడా బడ్జెట్ చూపాలి. నెలకు 25,000 రూపాయల కార్యనిర్వహణాధికారి జీతం, 10,000 రూపాయల లెక్కల గుమస్తా జీతం, ఇతర కార్యాలయ ఖర్చులు కలిపి ఆరు నెలలకు 2.7 లక్షలు అనుకుందాం. సేవారుసుములు 925 క్వింటాళ్లపై 55,500, విత్తనంపై 48,000 కలిపి 1,03,500 రూపాయలే. పథకం నిర్వహణ సాయం ఇచ్చే మూడేళ్లు ఈ లోటు కనిపించదు. సాయం ఆగిన ఏడాది, లోటును పూడ్చడానికి ధర పెరుగుదలపై ఆశపెట్టి ఎక్కువ సరుకు కొనాలన్న ఆలోచన సహజంగా పుడుతుంది. ఆ లోటును నూర్పిడి యంత్రాల అద్దె, ఎరువులు, జిప్సం సరఫరా, తరువాతి సీజను విత్తనోత్పత్తి వంటి రుసుము వచ్చే పనులతో పూడ్చుకోవాలి. నష్ట పరిమితి అంకె జీతాల అవసరాన్ని బట్టి పెరగకూడదు. అది సంఘం మూలధనాన్ని బట్టి మాత్రమే పెరగాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు సంఘం బడ్జెట్‌ను పరిశీలించేటప్పుడు నాలుగు అంకెలు అడిగితే చాలావరకు పరిస్థితి తెలుస్తుంది. సభ్యుల బోర్ల ఫిబ్రవరి నీటి పరిమాణం, జనవరి నెలాఖరుకు ఆగి ఉన్న విత్తన బాకీ, సర్వసభ్య సమావేశం ఆమోదించిన నష్ట పరిమితి, చెడ్డ ధర వద్ద బ్యాంకు కోరే అదనపు చెల్లింపు. మొదటిది ఎంత పంట వస్తుందో చెబుతుంది. రెండవది చేతిలో ఎంత రొక్కం ఉంటుందో చెబుతుంది. మిగతా రెండూ ఆ పంటలో ఎంత భాగాన్ని సంఘం తన భుజాన వేసుకోవచ్చునో తేలుస్తాయి. మన ఉదాహరణలో ఆ భాగం 1,200 క్వింటాళ్లలో 275.